చలేస్తే కీచురాయి ఎందుకు నెమ్మదిస్తుంది? బెంగళూరులో తరచుగా అడిగే ప్రశ్నలు

రాత్రి బాల్కనీలో అరిచేదీ, ఎండలో చెట్టు మీద చెవులు చిల్లులు పడేలా అరిచేదీ ఒకటేనా?

కాదండి. మనవాళ్ళు చాలామంది రెంటినీ కీచురాయి అనే అంటారు గానీ ఈ రెండు పురుగులకీ చుట్టరికం లేదు. రాత్రిపూట కుండీల సందుల్లోంచి, మెట్ల కింద నుంచి, అపార్ట్‌మెంట్ గోడ పక్క గడ్డిలోంచి "క్రీ... క్రీ..." అని ఆగి ఆగి వినిపించేది మిడతల చుట్టం. నల్లగానో గోధుమరంగులోనో ఉంటుంది, బాగా గెంతుతుంది. ఎండాకాలంలో పెద్ద చెట్లున్న చోట పట్టపగలు ఒకటే గీ పెట్టేది రసం పీల్చే పురుగు, నల్లి, పేనుబంక ఉన్న వర్గానిది. మొదటిది రెక్కలతో శబ్దం చేస్తుంది, రెండోది పొట్టతో. గందరగోళం లేకుండా ఇక్కడ మొదటిదాన్ని కీచురాయి అనీ, రెండోదాన్ని సికాడా అనీ అంటాను. రెండింట్లోనూ అరిచేది మగదే.

కీచురాయి కాళ్ళు రుద్దుకుని అరుస్తుందని చిన్నప్పుడు చదివాం. నిజమేనా?

కాదు. కాళ్ళని రెక్కలకి రుద్దేవి కొన్ని మిడతలు. కీచురాయి రెండు ముందు రెక్కల్ని కాస్త పైకెత్తి ఒకదాని మీద ఒకటి రుద్దుతుంది. పైనుండే రెక్కకి (సాధారణంగా అది కుడిది) అడుగువైపున ఒక నరం అడ్డంగా పోతుంది, దాని మీద వరసగా సన్నటి పళ్ళుంటాయి. కింద ఉండే ఎడమ రెక్క అంచున గట్టిపడిన చిన్న గీరుడు భాగం ఉంటుంది. రెక్కలు దగ్గరికి మూసుకునేటప్పుడు ఈ అంచు ఆ పళ్ళ మీదుగా గీరుకుంటూ పోతుంది, శబ్దం వస్తుంది. తెరుచుకునేటప్పుడు రాదు. అంటే ఒక మూతకి ఒక చిన్న తునక శబ్దం. మన తోటల్లో మామూలుగా కనిపించే నల్ల కీచురాయి, గ్రిల్లస్ బైమాక్యులాటస్, ఇలాంటి మూడు నాలుగు తునకల్ని వెంటవెంటనే వేసి కాసేపు ఆగుతుంది. ఆ గుంపు మొత్తం మన చెవికి ఒక్క "క్రీ" లాగా వినిపిస్తుంది.

ఈ తేడా గుర్తుంచుకోండి. తునక వేరు, కూత వేరు. మనం లెక్కపెట్టగలిగేది కూతల్నే.

రెండు పళ్ళు రాసుకుంటే అంత శబ్దమా? మూడో అంతస్తు దాకా వినిపిస్తోంది!

గీరుకోవడం ఒక్కటే అయితే "బర్ర్" మని ఏదో సన్నగా వచ్చి ఊరుకునేది. అసలు పని రెక్క మీదున్న పల్చటి పొర చేస్తుంది. నరాల మధ్య ముక్కోణంలాంటి ఖాళీ జాగా ఒకటుంటుంది, శాస్త్రవేత్తలు దాన్ని హార్ప్ అంటారు. ఆ పొరకి తనకంటూ ఒక కంపనం ఉంటుంది, గ్రిల్లస్‌లో అది సెకనుకి సుమారు 4,800 సార్లు. పళ్ళ తాకిడి కూడా సరిగ్గా ఆ లెక్కకే పడితే, ప్రతి తాకిడీ అంతకుముందు కంపనానికి తోడై శబ్దం పెద్దదవుతుంది.

మరి ప్రతి పన్నూ సమయానికి తగిలేలా చూసేదెవరు? కండరాలు కాదు, సెకనుకి 4,800 సార్లు పురుగు కండరాన్ని ఆడించడం కుదిరే పని కాదు. కండరం చేసేది రెక్కని ఒకే ఊపున లాగడమే. గీరుడు అంచు ఒక పంటి దగ్గర ఆగుతుంది, రెక్క కంపించి కాస్త వంగినప్పుడు జారి తర్వాతి పంటి దగ్గర మళ్ళీ ఆగుతుంది. ఒక కంపనానికి ఒకే పన్ను. అంటే ఎంత వేగంగా జారాలో రెక్క పొరే నిర్ణయిస్తోంది. లెక్క వేసి చూడండి: ఒక మూతలో సుమారు వంద పళ్ళు దాటితే, 100 ని 4,800 తో భాగిస్తే, ఒక తునక సెకనులో యాభయ్యో వంతు ఉంటుంది. కొలిచి చూసినా దాదాపు అంతే వస్తుంది.

శబ్దం ఎంతంటే, కీచురాయి చెవులు దాని ముందు కాళ్ళ మీదే ఉంటాయి గనక, తన కూత తనకే సుమారు 100 డెసిబెల్స్‌తో తగులుతుంది. చెవుడు రాకుండా, రెక్క కదిపిన ప్రతిసారీ నాడీ వ్యవస్థ లోపల్నుంచే తన వినికిడిని ఆ క్షణం వరకు అణిచేసుకుంటుంది. కేంబ్రిడ్జ్‌లో పౌలెట్, హెడ్విగ్ అనే ఇద్దరు ఈ పని చేసే నాడీకణాన్ని పట్టుకున్నారు.

డిసెంబరులో మా వీధిలో కీచురాళ్ళు నీరసంగా అరుస్తాయి, ఏప్రిల్‌లో పూనకం వచ్చినట్టు అరుస్తాయి. ఎందుకని?

పురుగుకి మనలాగా సొంత ఒంటివేడి ఉండదు. బయట 16 డిగ్రీలైతే లోపల కూడా దాదాపు అంతే. కూతకి తాళం వేసేది దాని ఛాతీలో, పొట్టలో ఉన్న నాడీకణాల గుంపులు. మెదడు నుంచి "మొదలుపెట్టు" అనే సంకేతం వస్తుంది, తర్వాత ఎప్పుడు మూయాలి, ఎప్పుడు తెరవాలి, ఎంతసేపు ఆగాలి అన్నది ఈ గుంపులు చూసుకుంటాయి. నాడీకణం ఒకసారి స్పందించి మళ్ళీ సిద్ధం కావాలంటే దాని పొరలోని సూక్ష్మ ద్వారాలు తెరుచుకోవాలి, మూసుకోవాలి, సోడియం, పొటాషియం అటూ ఇటూ కదలాలి. ఇదంతా రసాయన చర్య, వేడి పెరిగితే వేగం పెరుగుతుంది. పురుగుల ఒంట్లో ఇలాంటి పనులు 10 డిగ్రీలు పెరిగితే సుమారు రెట్టింపు వేగంగా జరుగుతాయని మోటుగా ఒక లెక్క. కండరం బిగుసుకోవడం, వదలడం కూడా అంతే.

అందుకే డిసెంబరు రాత్రి బెంగళూరులో 15, 16 డిగ్రీలకి దిగినప్పుడు రెండు కూతల మధ్య విరామం సాగుతుంది. చెన్నైలో ఉండే మా చెల్లెలు "మా ఇంట్లోది మీదానికంటే హుషారుగా ఉంటుంది" అంటుంది, అదీ నిజమే. అక్కడ మే నెల రాత్రి కూడా వేడి పెద్దగా దిగదు.

కానీ దీన్ని రెండు వైపులా సాగదీయకూడదు. బాగా చల్లబడితే (చాలా జాతులకి 10 డిగ్రీల దగ్గర్లో) కూత పూర్తిగా ఆగిపోతుంది, మరీ వేడెక్కినా ఆగిపోతుంది. మధ్యలో మాత్రం వేడికీ కూతల సంఖ్యకీ సంబంధం ఆశ్చర్యపోయేంత తిన్నగా, ఒక గీత మీద పడుతుంది.

వేగం పెరిగినప్పుడు గొంతు కూడా సన్నబడాలి కదా? నాకు అలా అనిపించలేదే.

మంచి ప్రశ్న, మీ చెవి కూడా మంచిదే. నల్ల కీచురాయిలో తాళం మారుతుంది, స్థాయి, అంటే గొంతు ఎంత సన్నగా ఉందన్నది, పెద్దగా మారదు. కారణం పైన చెప్పిందే: తాళం నాడులది, స్థాయి రెక్క పొరది. పొర గట్టిదనం, బరువు, సైజు వేడికి అంతగా మారవు గనక సెకనుకి 4,800 అన్నది అటూ ఇటూగా అక్కడే ఉంటుంది. చలిలో కండరం నీరసించినా, పంటి నుంచి పంటికి జారే వేగాన్ని పొర పట్టి ఉంచుతుంది. కాబట్టి ఒక్కో తునక నిడివి కూడా అంతగా మారదు, సాగేదల్లా తునకల మధ్య, కూతల మధ్య ఉండే ఖాళీ.

అన్ని కీచురాళ్ళూ ఇలా ఉండవు. బెంగళూరు చుట్టుపక్కల పొదల్లో ఈకాంథస్ హెన్రీ అనే సన్నటి, లేతరంగు చెట్టు కీచురాయి ఉంటుంది, మన ఐఐఎస్సీ వాళ్ళు దీన్ని ఏళ్ళుగా చదువుతున్నారు. దీని రెక్క పొడవుగా, పల్చగా ఉండి, ఒకే ఒక్క కంపనానికి కట్టుబడదు. కండరం ఎంత వేగంగా లాగితే స్థాయి అంత పైకి పోతుంది. 18 డిగ్రీల దగ్గర సుమారు 2,300 హెర్ట్జ్‌లో ఉన్న గొంతు, 27 దగ్గరికి వచ్చేసరికి 3,500 దాటుతుంది. సంగీతం తెలిసినవాళ్ళ భాషలో, షడ్జమం దగ్గర మొదలుపెట్టి పంచమం దాటేసినట్టు. ఈ జాతిలో కొన్ని మగవి ఆకుకి మధ్యలో కంత కొరికి, అందులో రెక్కలు పెట్టి కూస్తాయి. చుట్టూ ఉన్న ఆకు రెక్క ముందూ వెనకా గాలి ఒకదాన్నొకటి రద్దు చేసుకోకుండా అడ్డుపడుతుంది, శబ్దం పెరుగుతుంది. గొంతు చిన్నగా ఉన్నవే ఎక్కువగా ఈ ఉపాయం వాడతాయని తేలింది.

కూతలు లెక్కపెట్టి టెంపరేచర్ చెప్పొచ్చంటారు. ఆ ఫార్ములా ఇక్కడ పనిచేస్తుందా?

ఆ ఫార్ములా 1897లో ఏమోస్ డోల్‌బేర్ అనే అమెరికా ఫిజిక్స్ ప్రొఫెసర్ అచ్చువేసినది. నిమిషానికి కూతలు N అనుకుంటే, ఫారెన్‌హీట్‌లో:

```
T = 50 + (N - 40) / 4
```

నిమిషానికి 120 కూతలైతే 50 + 20 = 70 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 21 డిగ్రీలు. సెల్సియస్‌కి ఇంకా సులువైన దారి ఉంది: 8 సెకన్లలో ఎన్ని కూతలో లెక్కపెట్టి 5 కలపండి. పై ఉదాహరణలో 8 సెకన్లకి 16 కూతలు, 16 + 5 = 21. సరిపోయింది.

సరిపోయేది అమెరికాలో. డోల్‌బేర్ ఏ పురుగో రాయలేదు, అది అక్కడి చెట్టు కీచురాయి అయ్యుంటుందని తర్వాతివాళ్ళు తేల్చారు. మీ కుండీ వెనక ఉన్నది వేరే జాతి, దాని గీత వేరు. వాలు వేరు, మొదలయ్యే చోటు వేరు. ఫార్వర్డ్‌లలో వచ్చే ఫార్ములాని పట్టుకుని "యాప్ తప్పు, కీచురాయి కరెక్ట్" అని వాదించే అన్నయ్యలు మా అపార్ట్‌మెంట్‌లోనూ ఉన్నారు.

మీ కీచురాయికి మీరే ఫార్ములా కట్టుకోవచ్చు, రెండు రాత్రులు చాలు. ఒక మామూలు థర్మామీటర్‌ని (జ్వరానిది కాదు, గది వేడి చూపించేది) కూత వచ్చే కుండీ దగ్గర, నేల మీద పెట్టండి. ఉదాహరణకి, వెచ్చటి రాత్రి 26 డిగ్రీలున్నప్పుడు 30 సెకన్లకి 75 కూతలు వచ్చాయనుకుందాం. ఇంకో రోజు తెల్లవారుజామున 20 డిగ్రీలున్నప్పుడు 45 వచ్చాయనుకుందాం. 6 డిగ్రీలకి 30 కూతలు తగ్గాయి, అంటే డిగ్రీకి 5. ఇంకెప్పుడైనా 60 కూతలు వినిపిస్తే, అవి 45 కంటే 15 ఎక్కువ, 15 ని 5 తో భాగిస్తే 3, కాబట్టి 23 డిగ్రీలు.

మీ గీత నమ్మదగినదో కాదో చూడ్డానికి ఒక చిట్కా ఉంది. దాన్ని కూతలు సున్నా అయ్యే దాకా కిందికి పొడిగించండి. పై లెక్కలో 45 ని 5 తో భాగిస్తే 9, 20 లోంచి తీసేస్తే 11 డిగ్రీలు. పురుగు నిజంగానే ఆగిపోయే వేడికి దగ్గర్లో ఉంది, బాగుంది. డోల్‌బేర్ గీత 4 డిగ్రీల దగ్గర సున్నాకి చేరుతుంది. మీది 18 దగ్గరో, మైనస్‌లోనో చేరిందంటే ఎక్కడో లెక్క తప్పింది.

లెక్కపెట్టాను, రోజుకో రకంగా వస్తోంది. ఏం తప్పు చేస్తున్నాను?

ఎక్కువమంది చేసేది రెండు పురుగుల్ని కలిపి లెక్కపెట్టడం. కూతల మధ్య ఖాళీ సమంగా లేకుండా, ఒకసారి దగ్గరగా ఒకసారి ఎడంగా వినిపిస్తే అక్కడ కనీసం రెండున్నాయి. ఫోన్‌లో రికార్డ్ చేసి ఆ తరంగాన్ని తెర మీద చూడండి: ఒకదాని గుంపులు పొడుగ్గా, ఇంకోదానివి పొట్టిగా కనిపిస్తాయి, విడదీయడం తేలిక.

ఆ తర్వాతది థర్మామీటర్‌ది. ఫోన్‌లో వాతావరణం యాప్ చూపించే అంకె ఎక్కడో ఉన్న కేంద్రానిది, మీ కాంక్రీట్ గోడ వెనకది కాదు. పగలంతా ఎండ తిన్న గోడ రాత్రి తొమ్మిదింటికి కూడా వేడి కక్కుతూనే ఉంటుంది, పురుగు దాన్ని ఆనుకుని కూర్చుంటే దాని ఒళ్ళు గాలికంటే వేడిగా ఉంటుంది. అది అబద్ధం చెప్పట్లేదు, తన చోటు వేడిని చెబుతోంది. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ పక్కనున్నదాన్ని అసలు లెక్కలోకి తీసుకోకండి.

ఇంకొకటి, పాట రకం. ఆడదాన్ని దూరం నుంచి పిలిచే కూత మాత్రమే లెక్కకి పనికొస్తుంది. ఆడది పక్కకి వచ్చేస్తే మగది సన్నటి, మెత్తటి వేరే పాట అందుకుంటుంది, ఇంకో మగది ఎదురైతే గట్టిగా, పొడవుగా గదమాయిస్తుంది. ఉన్నట్టుండి తీరు మారితే ఆ రాత్రికి ఆపేయండి. మీరు దగ్గరికి వెళ్తే నోరు మూసుకోవడం కూడా మామూలే, అడుగుల అదురు దానికి కాళ్ళ ద్వారా, గాలి కదలిక వెనకున్న రెండు తోకల మీది వెంట్రుకల ద్వారా తెలిసిపోతుంది. కదలకుండా నిలబడితే మళ్ళీ అందుకుంటుంది.

వేడిని బట్టి పాట మారిపోతుంటే, ఆడది తన జాతి మగదాన్ని ఎలా గుర్తుపడుతుంది?

నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చింది ఇదే. ఆడది ముఖ్యంగా చూసేది తునకల వేగాన్నే, అది జాతికో రకంగా ఉంటుంది. మరి చలిలో ఒక జాతి పాట నెమ్మదించి ఇంకో జాతి పాటలా వినిపిస్తే? 1957లో థామస్ వాకర్ చెట్టు కీచురాళ్ళతో పరీక్షించి చూశాడు. ఆడదాన్ని ఏ వేడిలో ఉంచితే, అదే వేడిలో మగది పాడే వేగానికే అది దగ్గరికి వచ్చింది. వెచ్చటి ఆడదానికి చల్లటి మగదాని పాట వినిపిస్తే పట్టించుకోలేదు. పాడేవాడి నాడులు ఎంత నెమ్మదిస్తే, వినేదాని నాడుల అంచనా కూడా అంతే నెమ్మదిస్తుంది. ఇద్దరూ ఒకే తోటలో, ఒకే చలిలో ఉంటారు గనక చిక్కే రాదు.

సరే, సికాడా సంగతి? దానికి రెక్కలు కదలడం కూడా కనిపించదు.

కదపదు. పొట్ట మొదట్లో రెండు పక్కలా టింబల్ అనే రెండు పొరలుంటాయి, పైకి ఉబ్బి, గట్టి మడతలతో. లోపలి నుంచి ఒక బలమైన కండరం లాగగానే పొర లోపలికి సొట్టబడుతుంది, వదలగానే మళ్ళీ పైకి ఉబుకుతుంది. రేకు డబ్బా మూతని మధ్యలో నొక్కి వదిలినప్పుడు "టక్ టక్" మన్నట్టే. ఆస్ట్రేలియాలో సైక్లోకైలా అనే పెద్ద సికాడాలో రెండు పక్కలవీ ఒకదాని తర్వాత ఒకటి కొట్టుకుని, సెకనుకి 200 పైగా టక్కులు పడతాయి. విడివిడిగా వినే శక్తి మన చెవికి లేదు, ఒకటే గీ లాగా వినిపిస్తుంది.

మగ సికాడా పొట్ట చాలావరకు ఖాళీ, గాలి సంచి. టక్కు లోపలి గాలిని ఊపుతుంది, ఆ గాలికీ తన కంపనం ఉంటుంది, శబ్దం పొట్ట అడుగున ఉన్న పల్చటి చెవి పొరల గుండా బయటికి వస్తుంది. అవును, ఏ చెవితో వింటుందో దాని గుండానే కూస్తుంది. ఆఫ్రికాలోని బ్రెవిసానా బ్రెవిస్ అనే సికాడా 50 సెంటీమీటర్ల దూరంలో 106.7 డెసిబెల్స్ అని కొలిచారు. ఆడదాని పొట్ట మాత్రం గుడ్లతో నిండి ఉంటుంది.

సికాడాలతో కూడా టెంపరేచర్ చెప్పొచ్చా?

కీచురాయిలా కుదరదు. చెప్పాను కదా, టక్కులు లెక్కకి అందవు. పైగా సికాడా ఒంటివేడి గాలి వేడితో సమానం కాదు: పొద్దున్నే ఎండ తగిలే కొమ్మ మీదికి చేరి ఒళ్ళు కాచుకుంటుంది, పాడుతున్న కండరం కూడా వేడి పుట్టిస్తుంది, కొన్ని జాతులు ఎండ లేకపోయినా కండరాలతోనే ఒళ్ళు వేడెక్కించుకుంటాయి. కాబట్టి నీడలోని మీ థర్మామీటర్‌కీ దాని పొట్టకీ పొంతన ఉండదు.

వేడి ప్రభావం ఇక్కడ ఎక్కువగా "పాడాలా వద్దా" అన్నదాంట్లో కనిపిస్తుంది. ప్రతి జాతికీ ఒక కనీస ఒంటివేడి కావాలి, అది రాకపోతే కండరం పొరని తగినంత వేగంగా సొట్టపెట్టలేదు. అందుకే మబ్బు కమ్మగానే చెట్టు మొత్తం ఆగిపోయి, ఎండ రాగానే మళ్ళీ అందుకోవడం మీరు చూసే ఉంటారు. గొంతు స్థాయి ఇక్కడా పొరదీ, గాలి సంచిదీ గనక పెద్దగా మారదు.

ఫోన్‌లో మాట్లాడుతూ "విన్నావా అమ్మా" అంటే అమ్మకి ఏమీ వినిపించదంటుంది. ఇక్కడేమో హోరు!

పాత ఫోన్ లైన్లు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోసేవి. 4,800 లో ఉన్న కీచురాయి ఆ గుమ్మం దాటేది కాదు. ఇప్పటి కాల్స్ ఇంకా పైదాకా మోస్తాయి గానీ, ఫోన్ దాన్ని వెనక గోలగా లెక్కగట్టి తీసేస్తుంది. రికార్డ్ చేసి పంపండి. అప్పుడూ అమ్మకి వినపడకపోతే వయసుతో ముందు తగ్గేది పై స్థాయిల వినికిడే, ఒకసారి చెవి పరీక్ష చేయిస్తే మంచిది.

బెడ్‌రూమ్‌లో దూరింది, నిద్ర లేదు. ఏసీ పెంచితే ఆగుతుందా?

నెమ్మదిస్తుంది, ఆగదు. మన ఏసీలు ఎక్కువగా 16 దగ్గరే ఆగిపోతాయి, అది 16 లోనూ తీరిగ్గా పాడుకుంటుంది. వినికిడితో వెతకడం కూడా కష్టమే, ఒకే స్థాయి శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో మన రెండు చెవులు సరిగ్గా తేల్చుకోలేవు, గోడల ప్రతిధ్వని ఇంకా తికమక పెడుతుంది. ఇద్దరు గదికి చెరో మూలా నిలబడి చెరో వైపు వేలు చూపించండి, రెండు గీతలు కలిసే చోట అల్మరా కిందో మంచం కోడు దగ్గరో ఉంటుంది. టార్చి వేసి, గ్లాసు బోర్లించి, కింద అట్టముక్క దూర్చి కింద తోటలో వదిలేయండి. కరవదు, కుట్టదు.